ఆఫర్ వారం లెక్క తప్పకుండా ఉండాలంటే: ఆర్మా దోషాలతో రిగ్రెషన్, అంచెలంచెలుగా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు దుకాణాల లెక్కలు చూసే మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. మామూలు వారాలకు అంచనా బాగానే వస్తోంది, ధర తగ్గించిన వారం మాత్రం తప్పుతోంది, ఆ తరువాతి వారం ఇంకా ఎక్కువ తప్పుతోంది, ఎందుకు? ఈ మార్గదర్శి ఆ రెండు వారాల కోసమే.

ఉదాహరణకు పర్లాకిమిడిలో ఒక మధ్యతరహా కిరాణా దుకాణాన్ని, అందులో లీటరు పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్‌ను తీసుకుంటాను. అంకెలు లెక్క వివరించడానికి నేను ఎంచుకున్నవి. మీ దుకాణానికి మీ గుణకాలే వస్తాయి.

## 1. ముందుగా: ఏ పని ఎవరికి అప్పగిస్తున్నాం?

వారం వారం అమ్మకాల్లో రెండు రకాల కదలికలు కలిసి ఉంటాయి. ఒకదానికి కారణం మనకు తెలుసు: ధర తగ్గించాం, గుమ్మం దగ్గర ప్యాకెట్లు పేర్చి పెట్టాం, పండుగ వచ్చింది. రెండోదానికి కారణం మన పుస్తకంలో ఉండదు. వీధిలో కొత్త అద్దె ఇళ్లు నిండాయి, ఎదురు దుకాణం కొన్నాళ్లు మూతపడింది. ఇలాంటివి ఒక వారంతో పోవు, నెమ్మదిగా తగ్గుతూ కొన్ని వారాలు సాగుతాయి.

తెలిసిన కారణాలను రిగ్రెషన్ భాగం మోస్తుంది. తెలియని, సాగే కదలికను దోషపదం మోస్తుంది. ఆ దోషపదం గత వారం దోషంపై ఆధారపడుతుందని ఒప్పుకోవడమే ఆర్మా.

```
log(y_t) = b0 + b1*x1_t + b2*x2_t + ... + n_t
n_t = phi*n_(t-1) + e_t + theta*e_(t-1)
```

ఇందులో `n` దోషపదం, `e` ఆ వారానికి కొత్తగా వచ్చే యాదృచ్ఛిక కదలిక. రెండో వరుసలో ఉన్నది `n`, అమ్మకం `y` కాదు. గత వారం అమ్మకం మొత్తాన్ని ఈ వారానికి మోసుకురావడం లేదు. ఆఫర్, పండుగ వంటి కారణాలు తీసేశాక మిగిలినదాన్ని మాత్రమే మోసుకొస్తున్నాం. ఆఫర్ తరువాతి వారం సరిగా రావడానికి మూలం ఇదే. 7వ భాగంలో లెక్కతో చూపిస్తాను.

గత వారం `y`నే కుడివైపు ఒక చలరాశిగా పెట్టే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అప్పుడు ఆఫర్ గుణకానికి సూటి అర్థం పోతుంది, ఎందుకంటే ఆఫర్ ప్రభావం `y` ద్వారా తరువాతి వారాలకు కూడా పాకుతుంది. ధర తగ్గిస్తే అమ్మకం ఎంత పెరుగుతుందని యజమాని అడిగితే జవాబు చెప్పాలి కాబట్టి, నేను ఈ పనికి దోషాల పద్ధతినే ఎంచుకుంటాను.

## 2. వారపు పట్టిక తయారీ

ఎక్కువ సమయం ఇక్కడే పడుతుంది, పట్టాలి కూడా. కనీసం రెండేళ్ల, అంటే 104 వారాల లెక్క చేతిలో ఉండాలి. అందులో ఎనిమిది, పది ఆఫర్లయినా ఉండాలి. మూడు ఆఫర్ల నుంచి వచ్చే గుణకం, ఆ మూడు వారాల్లో జరిగిన యాదృచ్ఛికాలన్నిటినీ ఆఫర్ ఖాతాలోనే వేస్తుంది.

వారాన్ని సోమవారం నుంచి ఆదివారం వరకు తీసుకుని, దాన్ని ఎన్నడూ మార్చకండి. సంత ఏ రోజు జరిగినా ప్రతి వారంలో ఒకే సంత పడుతుంది కాబట్టి దానికి వేరే వరుస అవసరం లేదు. నెల మొదటి రోజులు అలా కావు. జీతాలు చేతికొచ్చే ఆ రోజులు ఒక్కోసారి నాలుగు వారాలకు, ఒక్కోసారి అయిదు వారాలకు వస్తాయి. అందుకే 1 నుంచి 7 తేదీల మధ్య రోజులు ఆ వారంలో ఎన్ని ఉన్నాయో లెక్కించి, 7తో భాగించి `month1` అనే వరుసలో పెట్టాలి.

సరుకు అయిపోయిన వారాలు. దీనిపై కాస్త ఆగాలి. నేను మొదట్లో చేసిన పెద్ద తప్పు ఇదే. ఒక ఆఫర్ వారంలో శనివారం మధ్యాహ్నానికే నూనె అయిపోయింది. ఆదివారం వచ్చినవారు వట్టి చేతులతో వెళ్లారు. ఆ వారం అమ్మకాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టికలో వేశాను. ఆఫర్ గుణకం తక్కువగా వచ్చింది. దాన్ని నమ్మి తరువాతి ఆఫర్‌కు తక్కువ తెప్పించాం, మళ్లీ అయిపోయింది. అమ్మకం అంటే గిరాకీ కాదు, ఉన్న సరుకు మేరకు తీరిన గిరాకీ మాత్రమే.

అలాంటి వారం అమ్మకాన్ని `NA` అని ఖాళీగా వదిలేయండి, సున్నా మాత్రం వేయకండి. ఆర్ భాషలో ఈ నమూనాను లెక్కించే పద్ధతి మధ్యలో ఖాళీలు ఉన్నా పనిచేస్తుంది. అయితే అదే వారానికి ధర, ఆఫర్, పండుగ వరుసలు మాత్రం పూర్తిగా నింపి ఉండాలి.

పట్టిక పూర్తయిందో లేదో సరిచూసుకోండి:

- ఒక్క వారం కూడా జారిపోలేదు, తేదీలు ఏడేసి రోజుల తేడాతో ఉన్నాయి
- సరుకు అయిపోయిన వారాలు `NA`గా ఉన్నాయి
- పెళ్లికో భోజనాలకో ఒకేసారి పట్టుకెళ్లిన పెద్ద ఆర్డర్లను విడిగా తీసి పెట్టారు
- ప్యాకెట్ పరిమాణం మధ్యలో మారలేదు; మారితే అంతా లీటర్లలోకి మార్చారు

## 3. ఆఫర్‌ను అంకెలుగా మార్చడం

ఆఫర్ ఉంటే 1, లేకపోతే 0 అని పెట్టి ఊరుకుంటే ఐదు రూపాయల తగ్గింపు, ఇరవై రూపాయల తగ్గింపు ఒకటే అయిపోతాయి. అందుకే ధరను రెండు ముక్కలు చేయండి.

`lreg` అంటే మామూలు ధర లాగ్. `ldisc` అంటే అమ్మిన ధరను మామూలు ధరతో భాగించి తీసిన లాగ్. ఆఫర్ లేని వారం ఇది సున్నా. మామూలు ధర 150 రూపాయలు, ఆఫర్ ధర 135 అయితే `log(135/150)`, అంటే −0.105.

ఇలా విడదీయడానికి బలమైన కారణం ఉంది. నూనె మామూలు ధర పెరిగినప్పుడు అన్ని దుకాణాల్లోనూ పెరుగుతుంది, కొనేవారికి వేరే దారి లేదు. మన ఒక్క దుకాణంలో వారం రోజులు తగ్గిస్తే పక్క వీధివారూ మన దగ్గరికే వస్తారు. రెండింటికీ జనం స్పందన వేరు. ఒకే వరుసలో కలిపేస్తే వచ్చే గుణకం ఆ రెండింటికీ సరిపోదు.

ఆఫర్ గురువారం మొదలై ఆదివారం ముగిస్తే ఏడు రోజుల్లో నాలుగే ఆఫర్ రోజులు. అప్పుడు `ldisc`ను 4/7తో గుణించి −0.060 అని రాయండి. వారం మొత్తం రాబడిని ప్యాకెట్ల సంఖ్యతో భాగించి సగటు ధర తీయడం సులభమే, కానీ వద్దు. తగ్గింపు రోజుల్లో ఎక్కువ అమ్ముడైతే ఆ సగటు దానంతటదే తగ్గిపోతుంది. ఏ అమ్మకాన్ని అంచనా వేయాలో అదే కారణంలోకి దొంగదారిన చేరినట్టవుతుంది. పైగా రాబోయే వారానికి ఆ సగటు ఎంతో ముందే తెలియదు. గోడకు అంటించిన ధర మాత్రం ముందే తెలుసు.

మిగిలిన వరుసలు ఇవి. గుమ్మం దగ్గర పేర్చి పెట్టిన వారానికి `display`. ఆఫర్ ముగిసిన మరుసటి వారానికి `after`. ఇళ్లలో రెండు మూడు ప్యాకెట్లు అదనంగా చేరాక వెంటనే మళ్లీ కొనరు, ఆ పల్లాన్ని పట్టేది ఈ వరుసే. మీరు చిల్లర దుకాణాలకు సరఫరా చేసే టోకు వ్యాపారి అయితే పల్లం ఇంకా లోతుగా, రెండు మూడు వారాలు ఉండవచ్చు. అప్పుడు `after2` కూడా చేర్చండి.

పండుగలను ఈ ప్రాంతం పంచాంగంతోనే చూడాలి. ఇక్కడ తెలుగు ఇళ్ల సంక్రాంతి, ఒడియా ఇళ్ల రజ పర్వం, రథయాత్ర, దసరా అన్నీ ఒకే గల్లాపెట్టెలో పడతాయి. సంక్రాంతి, రజ సౌరమానం ప్రకారం వస్తాయి కాబట్టి దాదాపు అదే తేదీల్లో ఉంటాయి. రజ జూన్ 14 ప్రాంతంలో వస్తుంది. దసరా, దీపావళి, రథయాత్ర చాంద్రమానం వల్ల ఏటా వారాలు మారతాయి. కాబట్టి వాటిని పోయిన ఏడాది అదే వారంతో పోల్చకుండా తేదీ చూసి `fest` వరుసలో గుర్తు పెట్టాలి. కార్తీక మాసం మాంసం మానేసే ఇళ్లు ఎక్కువ కాబట్టి, గుడ్లు, మసాలాలు అమ్మేవారు కార్తీకానికి వేరే వరుస పెట్టి తీరాలి.

ఏడాది పొడవునా మెల్లగా సాగే ఎగుడుదిగుడులకు రెండు జతల సైన్, కొసైన్ వరుసలు చాలు. ఏడాదికి 52 కాదు, 52.18 వారాలు. అందుకే 52 వారాల వెనక్కి చూసే ఋతు పదాల కన్నా ఇవే నయం.

## 4. మొదట మామూలు రిగ్రెషన్, తరువాత శేషాలు

నేరుగా ఆర్మాలోకి దూకకండి. ముందు మామూలు రిగ్రెషన్ చేసి, మిగిలిన శేషాలను వారాల వరుసలో గీసి చూడండి. సున్నాకు పైన కొన్ని వారాలు, కింద కొన్ని వారాలు గుంపులుగా ఉంటే స్వయంసహసంబంధం ఉన్నట్టే.

దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుంది? సాధారణంగా గుణకం మరీ పాడవదు, కానీ ఆ గుణకంపై మనకు ఉండాల్సిన అనుమానం తగ్గిపోతుంది. నెల రోజులు సాగిన ఆఫర్లు, మామూలు ధర మార్పులు, కార్తీకం వంటి దీర్ఘమైన వరుసల దగ్గర ఈ ప్రమాదం ఎక్కువ. నాలుగు వారాల ఆఫర్‌లో నాలుగు స్వతంత్ర సాక్ష్యాలు ఉన్నట్టు మామూలు రిగ్రెషన్ లెక్కేస్తుంది. నిజానికి ఆ నాలుగు వారాలూ ఒకే మంచికాలంలో పడి ఉండవచ్చు. ఒంటరి వారపు ఆఫర్లకు ఈ బెడద తక్కువ.

ఒకే ఒక్క వారం చుక్క ఆకాశంలోనో పాతాళంలోనో ఉంటే, ఆర్మా గురించి ఆలోచించకుండా ఆ వారం చిట్టా తెరవండి. చాలాసార్లు అక్కడ ఒక పెళ్లి ఆర్డరో, రాయడం మరచిన ఆఫరో దొరుకుతుంది.

## 5. నమూనా అమర్చడం

ఆర్ భాషలో `forecast` ప్యాకేజీతో:

```r
library(forecast)
d <- read.csv("weekly.csv")
y <- ts(d$qty, frequency = 365.25/7)
X <- cbind(lreg = log(d$reg), ldisc = d$ldisc,
           display = d$display, after = d$after,
           fest = d$fest, month1 = d$month1,
           fourier(y, K = 2))
fit <- auto.arima(y, xreg = X, d = 0,
                  seasonal = FALSE, lambda = 0)
summary(fit)
checkresiduals(fit)
```

`lambda = 0` అంటే అమ్మకానికి లాగ్ తీసుకోమని. ఆఫర్ ప్రభావం కూడిక కాదు, గుణకారం. రోజుకు ఎక్కువ అమ్మే కాలంలో అదే తగ్గింపు ఎక్కువ ప్యాకెట్లను లాగుతుంది. అందుకే లాగ్.

`d = 0` అంటే తేడాలు తీయకుండా ఆర్మా దోషాలతోనే ఉండమని. దుకాణం రెండేళ్లుగా స్థిరంగా పెరుగుతుంటే వారం సంఖ్యను ఒక వరుసగా చేర్చండి. అప్పటికీ శేషాలు సున్నా దగ్గరికి తిరిగి రాకుండా దూరంగా తేలిపోతుంటే `d = 1` ప్రయత్నించండి. అప్పుడు అమ్మకాలకూ చలరాశులకూ తేడాలు తీయబడతాయి, గుణకాల అర్థం మాత్రం మారదు.

వారపు కిరాణా లెక్కల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఒకే ఒక్క `ar1`, అంటే 1వ భాగం సూత్రంలోని `phi`, లేదా `ar1`తో పాటు `ma1`, అంటే `theta`. నాలుగైదు పదాలు వస్తే సంతోషించకండి. ఏదో ఆఫర్ లేదా పండుగ పట్టికలో లేక, దాని జాడను నమూనా ఆర్మా పదాలతో అతుకులు వేసుకుంటోందని అనుమానించండి.

## 6. ఫలితాన్ని చదవడం

మన ఉదాహరణలో గుణకాలు ఇలా వచ్చాయనుకుందాం: `ldisc` −1.8, `display` 0.15, `after` −0.12, `ar1` 0.5, `e` ప్రామాణిక విచలనం 0.12.

గుర్తులు ముందు చూడండి. `ldisc` రుణాత్మకంగానే ఉండాలి, ధర తగ్గితే అమ్మకం పెరగాలి కదా. ధనాత్మకం వస్తే చాలావరకు కారణం ఒకటే: అమ్మకం పడిపోయినప్పుడే యజమాని ఆఫర్ పెడుతున్నారు. ఆ వారాలు ముందే మందకొడివి కాబట్టి ఆఫర్ ఫలితం చిన్నదిగా, ఒక్కోసారి తలకిందులుగా కనిపిస్తుంది. దీనికి గణితంలో సులువైన మందు లేదు. రాబోయే కొన్ని ఆఫర్ల తేదీలను అమ్మకంతో సంబంధం లేకుండా ముందే నిర్ణయించడమే దారి.

తరువాత శేషాలు. ఇక్కడ రెండు రకాలున్నాయి. రిగ్రెషన్ శేషాల్లో (`type = "regression"`) సంబంధం ఉండటం సహజం, అందుకేగా ఆర్మా పెట్టాం. చివరి శేషాల్లో మాత్రం ఏమీ మిగలకూడదు. `checkresiduals` చూపేది ఈ రెండోవాటినే. 130 వారాల లెక్కలో స్వయంసహసంబంధపు గీతలు ±0.17 లోపల ఉంటే సరిపోతుంది. ఇరవై గీతల్లో ఒకటి బయటికి రావడం మామూలే.

## 7. రాబోయే వారాలకు లెక్క, చేత్తో ఒకసారి

కంప్యూటర్ చెప్పే ముందు ఒక్కసారి చేత్తో చేసి చూడండి, నమూనా ఏం చేస్తోందో అప్పుడే మనసుకు పడుతుంది.

ఆఫర్ లేని వారానికి రిగ్రెషన్ భాగం 400 ప్యాకెట్లు చెబుతోంది. ముగిసిన వారంలో 460 అమ్ముడయ్యాయి. ఆ మిగులు `log(460/400)`, అంటే 0.14.

వచ్చే వారం 135 రూపాయల ఆఫర్, గుమ్మం దగ్గర పేర్పు. తగ్గింపు నుంచి −1.8 × −0.105 = 0.19, పేర్పు నుంచి 0.15, మొత్తం 0.34. అంటే 1.40 రెట్లు, సుమారు 562 ప్యాకెట్లు. పోయిన వారం మిగులులో సగం, 0.07, ఈ వారానికి వస్తుంది. 562 × 1.072 = 603.

ఇప్పుడు ఆఫర్ తరువాతి వారం. ఆఫర్ వారంలో సరిగ్గా 603 అమ్ముడయ్యాయనుకోండి. `after` −0.12, మిగులు మళ్లీ సగమై 0.035. మొత్తం −0.085, అంటే దాదాపు 367 ప్యాకెట్లు.

ఆఫర్ సంగతి తెలియని నమూనా అదే 0.5తో ఏం చెబుతుందో చూడండి. 603 అంటే సగటు 400 కన్నా లాగ్‌లో 0.41 ఎక్కువ. అందులో సగం 0.205 మోసుకొచ్చి 491 అంటుంది. తేడా 124 ప్యాకెట్లు. పన్నెండు ప్యాకెట్ల పెట్టెలైతే పది పెట్టెలకు పైగా, గిరాకీ పల్లంలో ఉన్న వారంలోనే గోడౌన్‌కు చేరతాయి. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే: ఆఫర్ వల్ల వచ్చిన ఎత్తును సాగే కదలికగా పొరబడటం.

ఆరు వారాల అంచనాకు, ఆ ఆరు వారాల ఆఫర్ పట్టికను `f`లో నింపి:

```r
XF <- cbind(lreg = log(f$reg), ldisc = f$ldisc,
            display = f$display, after = f$after,
            fest = f$fest, month1 = f$month1,
            fourier(y, K = 2, h = 6))
forecast(fit, xreg = XF, biasadj = TRUE, level = 80)
```

లాగ్ నుంచి నేరుగా వెనక్కి తెస్తే వచ్చేది మధ్యగతం. సగటు కావాలంటే చిన్న సవరణ ఉంటుంది, `biasadj` దాన్ని చేస్తుంది. మన 603 అప్పుడు 607 అవుతుంది.

80 శాతం హద్దులు సుమారు 517 నుంచి 703. నూనె మిగిలితే తరువాతి వారాల్లో అమ్ముడవుతుంది కాబట్టి నేనైతే పై హద్దుకు దగ్గరగా తెప్పిస్తాను. అదే రొట్టె, పాల ప్యాకెట్ అయితే అంత సాహసం చేయను. ఈ హద్దుల్లో గుణకాల అనిశ్చితి కలవలేదని, ఆఫర్ పట్టిక అనుకున్నట్టే జరుగుతుందన్న భరోసాతో వచ్చాయని గుర్తుంచుకోండి. యజమాని ఇంకా తేల్చకపోతే ఆఫర్ ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి, రెండు అంచనాలు విడివిడిగా ఇవ్వండి. రెండింటి సగటు ఏ వారానికీ పనికిరాదు.

## 8. నమ్మే ముందు పరీక్ష

చివరి 20 వారాలను పక్కన పెట్టి, ఒక్కో వారం ముందుకు జరుగుతూ అంచనా వేయండి. ప్రతిసారీ అప్పటికి తెలిసిన లెక్కలే వాడండి. ఆఫర్ తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి వాటిని ఇవ్వవచ్చు.

తప్పులను మూడు కుప్పలుగా వేయండి: ఆఫర్ వారాలు, ఆఫర్ తరువాతి వారాలు, మామూలు వారాలు. మొత్తం సగటు చూస్తే మామూలు వారాలే ఎక్కువ కాబట్టి అసలు లోపం కనబడదు. రెండో కుప్పలో అంచనాలు వరుసగా ఎక్కువ చెబుతుంటే `after` సరిగా లేదు, బహుశా పల్లం రెండో వారానికీ సాగుతోంది.

## 9. చిక్కులు, విరుగుళ్లు

తగ్గింపు, పేర్పు ఎప్పుడూ కలిసే జరిగాయి. రెండు గుణకాలూ పిచ్చిగా ఊగుతాయి, ఒకటి మరీ పెద్దది, మరొకటి రుణాత్మకం. వాటిని విడదీసే సమాచారం పట్టికలో లేదు. `display` తీసేసి, `ldisc` గుణకం ఆ రెండింటిదీ కలిపి అని రాసుకోండి.

ప్రతి ఆఫర్ దసరాకే. అప్పుడు పండుగ ఎంత, ఆఫర్ ఎంత అనేది తెలియదు. పండుగ లేని రోజుల్లో రెండు చిన్న ఆఫర్లు పెట్టమని యజమానిని ఒప్పించండి.

ఇదివరకు ఎన్నడూ లేనంత తగ్గింపు. పది శాతం వరకే చూసిన నమూనాను ముప్పై శాతం గురించి అడిగితే గీతను పొడిగించి జవాబు చెబుతుంది. ఆ వారానికి దాని మాటను సగమే నమ్మండి, సరఫరాదారుతో రెండోసారి లారీ పంపే ఏర్పాటు ముందే మాట్లాడుకోండి.

`ar1` 0.95 దాకా వచ్చింది. మామూలు ధర వరుసో, పెరుగుదల వరుసో మరచిపోయి ఉంటారు. రెండూ ఉంటే `d = 1` చూడండి.

శేషాలు కొన్ని వారాలు వరుసగా కిందకే ఉన్నాయి, మన చిట్టాలో కారణం లేదు. పర్లాకిమిడిలో నేను ముందుగా చూసేది మహేంద్రతనయకు ఆవల పాతపట్నం. నది దాటితే ఆంధ్ర, అక్కడి దుకాణంలో పెద్ద తగ్గింపు పెడితే మన కొనుగోలుదారులు సాయంత్రం అటే వెళ్లి తెచ్చుకుంటారు. మొదటి వారం `ar1` ఆ లోటును పట్టుకుని తరువాతి అంచనాను కొంత దించుతుంది, కానీ అక్కడి ఆఫర్ ఎప్పుడు ముగుస్తుందో దానికి తెలియదు. అందుకే ప్రతి సోమవారం ఎవరినైనా పంపి అక్కడి ప్యాకెట్ ధర రాయించుకోండి. ఆరు నెలల లెక్క చేరాక, రెండు ధరల నిష్పత్తి లాగ్‌ను కొత్త వరుసగా చేర్చి, `ar1` ఎంత తగ్గిందో చూడండి. రాబోయే వారాలకు అక్కడి ధర మనకు తెలియదు కాబట్టి, అంచనా పట్టికలో చివరిగా చూసిన ధరనే ఉంచి, వాళ్లు ఆఫర్ పెడితే ఏమవుతుందో రెండో పట్టికలో వేసి పక్కన పెట్టుకోండి.